ఏడు గంటలైతే వైఫై పోతుంది: తప్పు గాలిదా, వేడిదా, అడాప్టర్‌దా?

"మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటాం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి తర్వాత నుంచి సరిగ్గా ఆ వేళకే వైఫై పోతోంది. ఒక్కోసారి వైఫై పేరే ఫోన్‌లో కనబడదు, రెండు మూడు నిమిషాలకు మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి పేరు ఉంటుంది, గీతలన్నీ నిండుగా ఉంటాయి, కానీ పిల్లల మొహాలు ఫొటోల్లా బిగుసుకుపోతాయి. నెట్ అబ్బాయి పొద్దున పదకొండుకు వచ్చి 'అంతా ఓకే మేడమ్, ప్లాన్ పెంచుకోండి' అని వెళ్ళిపోతాడు. చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైల వల్లే ఇదంతా అని మావారు అంటారు. రౌటర్ కాలిపోతోంది, కొత్తది కొందామని మా అబ్బాయి అంటాడు. చివరికి ఇద్దరూ కలిసి మా అత్తగారి సీరియళ్ళ మీద పడతారు. ఆవిడ ఈమధ్య నా క్లాసు మొదలవగానే టీవీ కట్టేసి గదిలోకి వెళ్ళిపోతున్నారు. అయినా వైఫై పోవడం ఆగలేదు, నాకేమో మనసుకు కష్టంగా ఉంది. నెట్ కంపెనీ ఇచ్చిన బాక్స్ టీవీ యూనిట్‌లో అద్దం తలుపు వెనక, సెట్‌టాప్ బాక్స్ మీద ఉంటుంది. నాలుగేళ్ళ కిందటిది. పోయిన నెల ఒక తెల్లవారుజామున చాలాసేపు కరెంటు పోయి వచ్చాక పది నిమిషాల దాకా దాని లైట్లు వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం, ఆరడం. ఇద్దరు పిల్లలు ఇప్పటికే మానేశారు. ఏది మార్చాలి? ఎవరి మాట వినాలి?"

— ఒక లెక్కల టీచర్, నిజాంపేట

అమ్మా, ముందు మీ అత్తగారిని హాల్లోకి పిలిచి టీవీ పెట్టించండి. టీవీ కట్టేసినా వైఫై పోతూనే ఉందంటే ఆవిడ మీద కేసు అక్కడే కొట్టేయొచ్చు. హెచ్‌డీలో సీరియల్ చూడటానికి సెకనుకు సుమారు 5 మెగాబిట్లు చాలు. ఈ రోజుల్లో మామూలు ఫైబర్ ప్లాన్‌కు అదో లెక్క కాదు. పిలవమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ ఇంట్లో సాయంత్రమంతా ఆ అద్దం తలుపుకు ఎదురుగా కూర్చునే మనిషి ఆవిడొక్కరే. నాకు కావలసిన సాక్షి కూడా ఆవిడే.

ఎందుకో చెబుతాను. "పోతోంది" అన్న ఒక్క మాట కింద మీరు రెండు జబ్బులు కలిపి రాశారు. వైఫై పేరే మాయమై రెండు మూడు నిమిషాలకు తిరిగి రావడం ఒకటి. పేరు, గీతలు అన్నీ ఉండి కూడా మొహాలు బిగుసుకుపోవడం రెండోది. సోఫాలో కూర్చున్నవాళ్ళకు ఈ రెండూ ఒకటే: క్లాసు ఆగింది. కానీ మొదటిదానిలో బాక్స్ నిజంగానే చచ్చి బతుకుతోంది. ఫైబర్ బాక్స్ ఆరి, మళ్ళీ లేచి, లైను పట్టుకోవడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. రెండోదానిలో బాక్స్ బతికే ఉంది, దాని మాట మీ ల్యాప్‌టాప్ దాకా చేరడం లేదు. మీవారిది ఒక మాట, మీ అబ్బాయిది ఒక మాట అని మీరు తగువు తీర్చలేకపోవడానికి కారణం ఇదే. ఇద్దరూ చెరొక జబ్బును చూసి మాట్లాడుతున్నారు. ఇద్దరూ చూడనిది మూడోది ఒకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అందుకని ఇకనుంచి వైఫై పోయినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బాక్స్ ఆగి మళ్ళీ మొదలైందా, లేదా? మీరు క్లాసులో ఉంటారు, చూడలేరు. మీ అత్తగారు చూస్తారు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, ముందు పవర్ లైటు, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి వెలిగితే ఆగినట్టు. లైట్లు ఎప్పటిలాగే ఉంటే ఆగనట్టు. ఒక చిన్న నోటుబుక్ ఆవిడ పక్కన పెట్టండి. టైము, లైట్లు ఆరాయా లేదా, ఆ నిమిషంలో ఇంట్లో గానీ అపార్ట్‌మెంట్‌లో గానీ ఏం ఆన్ అయింది (నీళ్ళ మోటార్, లిఫ్ట్, ఏసీ, మైక్రోవేవ్), ఈ మూడే రాయమనండి.

ఆవిడ కన్ను తప్పినా బాక్స్ దగ్గర లెక్క ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 కొడితే బాక్స్ పేజీ వస్తుంది. అది రాకపోతే సరైన అంకెలు బాక్స్ అడుగున లేబుల్ మీద ఉంటాయి, లాగిన్ పేరూ పాస్‌వర్డూ చాలావాటికి అక్కడే ఉంటాయి. అందులో స్టేటస్ పేజీలో Uptime అని ఒక వరుస ఉంటుంది, బాక్స్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో అది చెబుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు క్లాసు అయ్యాక చూడండి. "6 రోజులు" అని ఉంటే ఆ సాయంత్రం అది ఒక్కసారి కూడా ఆరలేదు. "1 గంట 50 నిమిషాలు" అని ఉంటే 7.40కి ఆరి లేచింది. మీరు లెక్కల టీచరు, ఆ తీసివేత మీకు చెప్పక్కర్లేదు.

ముందు మొహాలు బిగుసుకుపోయే జబ్బు సంగతి చూద్దాం, అది కాస్త తేలిక. క్లాసుకు ముందు ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరిచి, ఒకదానిలో ఇది కొట్టండి, మీ బాక్స్ లేబుల్ మీద అంకెలు వేరైతే అవే వాడండి:

```
ping -t 192.168.1.1
```

రెండోదానిలో ఇది:

```
ping -t 8.8.8.8
```

మొదటిది మీ ల్యాప్‌టాప్ నుంచి మీ బాక్స్ దాకా వెళ్ళి వచ్చే పలకరింపు. రెండోది ఇల్లు దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్ళి వచ్చేది. పొద్దున చూస్తే మొదటి కిటికీలో మూడు, నాలుగు మిల్లీసెకన్లు కనబడతాయి. సాయంత్రం మొహాలు బిగుసుకున్న క్షణంలో ఆ మొదటి కిటికీలోనే అంకె 150, 300 అయి, మధ్యమధ్య Request timed out. అని పడితే, హాలుకూ మీ గదికీ మధ్య గాలిలోనే రద్దీ ఉందని అర్థం, మీవారు గెలిచినట్టే. మొదటి కిటికీ నింపాదిగా మూడు నాలుగు చూపిస్తూ, రెండోది మాత్రం తడబడుతుంటే ఇంట్లో దేన్నీ ముట్టుకోకండి. అది నెట్ కంపెనీ వైపు సాయంత్రపు రద్దీ, మీరు కొత్త రౌటర్ కొన్నా అంతే ఉంటుంది. ఆ తెరను ఫొటో తీసి వాళ్ళకు పంపండి. ప్లాన్ పెంచమన్న సలహాకు కూడా అదే జవాబు. ఇంటి లోపలి గాలిలో రద్దీ ఉంటే 100 మెగాబిట్ల ప్లాన్‌ను 300 చేసినా లాభం లేదు, ఇరుకు అక్కడ కాదు.

గీతలు నిండుగా ఉంటే మాట ఎందుకు చేరదు అని మీకు అనుమానం రావచ్చు. గీతలు చెప్పేది బాక్స్ గొంతు మీకు ఎంత గట్టిగా వినబడుతోంది అన్నది మాత్రమే. దానికి మాట్లాడే వంతు వస్తోందా లేదా అన్నది గీతల్లో కనబడదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మనకు 1 నుంచి 13 దాకా చానళ్ళు ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 ఈ మూడే. మిగతావి పక్కవాటి మీద సగం సగం పడుతుంటాయి. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంట్లో ఒక రౌటర్ ఈ మూడింటిలోనే సర్దుకోవాలి. పొద్దున పదకొండుకు అందరూ ఆఫీసుల్లో, స్కూళ్ళలో ఉంటారు, గాలి ఖాళీ. మీ నెట్ అబ్బాయి చూసేది ఆ గాలినే. ఏడింటికి నలభై ఇళ్ళలో నలభై టీవీలు మొదలవుతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆప్ పెట్టి చూసి, 1లోనూ 6లోనూ జనం ఉన్నారు కదా, మధ్యలో 3 ఖాళీగా ఉంది అని అక్కడికి మారతారు. వేసవిలో నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెల వరుస గుర్తు తెచ్చుకోండి. ఒకే వరుసలో పదిమంది ఉంటే ఆలస్యమైనా వంతు వస్తుంది. రెండు వరుసల మధ్య నిలబడినవాడికి ఏ వరుసవాళ్ళూ వంతు ఇవ్వరు, పైగా అటూ ఇటూ తోపులాట. ఒకే చానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులవారీగా మాట్లాడతాయి. 3లో ఉన్న రౌటర్‌కు 1, 6లవాళ్ళ మాటలు అర్థంకాని గోలగా వినబడతాయి, వాళ్ళకూ దీని గోల అంతే. కాబట్టి జనం ఉన్నా సరే 1, 6, 11లలోనే ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు పేర్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో WiFi Analyzer లాంటి ఆప్‌లో ప్రతి పేరు పక్కన మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 45 అంటే గోడకు అవతలే ఉన్నట్టు, మైనస్ 85 అంటే ఎక్కడో దూరంగా గొణుగుతున్నట్టు. గట్టి గొంతులు తక్కువ ఉన్న చానల్ మీది. ఇది రాత్రి ఎనిమిదింటికి, మీరు క్లాసు చెప్పే గదిలోనే చూడాలి.

బాక్స్ పేజీలో వైఫై సెట్టింగుల్లో చానల్ Auto తీసేసి ఆ అంకె పెట్టండి. దాని కిందే చానల్ వెడల్పు ఉంటుంది, 40 MHz ఉంటే 20 MHz చేయండి. వెడల్పు ఎక్కువైతే వేగం ఎక్కువ అన్నది ఊరి చివర ఒంటరి ఇంట్లో నిజం. అపార్ట్‌మెంట్‌లో రెండు వరుసలకు అడ్డంగా నిలబడటమే అవుతుంది.

మీ బాక్స్‌కు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే, అంటే ఇంటి పేరుతో రెండు వైఫైలు కనబడుతూ ఒకదాని చివర 5G అని ఉంటే, ఈ తంటా లేకుండా ల్యాప్‌టాప్‌ను దానికే కలపండి. అందులో చానళ్ళు ఎక్కువ, పొరుగు గోడలు దాటి వచ్చే గోల తక్కువ. చిక్కల్లా మీ గోడలను కూడా అది సరిగా దాటలేకపోవడమే. హాలుకూ మీ గదికీ మధ్య రెండు ఇటుక గోడలుంటే గీతలు సగానికి పడిపోతాయి. ఒక గోడ అయితే మాత్రం అదే మంచిది. అసలు ఇరవై మీటర్ల లాన్ కేబుల్ ఒకటి హాలు నుంచి తలుపు చట్రం మీదుగా మీ బల్ల దాకా లాగించగలిగితే గాలి గొడవే ఉండదు. జీతం వచ్చే క్లాసును గాలికి వదలకూడదని నా పట్టుదల. ఇంట్లో వైరు కనబడితే బాగుండదంటారని తెలుసు, అది మీరూ మీరూ చూసుకోండి.

ఇక పేరే మాయమయ్యే జబ్బు. ఇందులో అబ్బాయి చెప్పే వేడి ఒక అనుమానితుడు. ఎవరూ చూడని మూడోవాడు అడాప్టర్, ప్లగ్గుకు పెట్టే ఆ నల్ల పెట్టె. ఇద్దరూ బాక్స్‌ను ఆర్పేస్తారు. కానీ ఆర్పే తీరు వేరు.

వేడి మెల్లగా ఎక్కుతుంది. ఇలాంటి బాక్సులు చాలావాటికి చుట్టూ గాలి 40 డిగ్రీలు మించకూడదని కంపెనీలే రాస్తాయి. హైదరాబాద్ ఏప్రిల్ సాయంత్రం హాల్లోనే 33, 34 ఉంటుంది. అద్దం తలుపు వెనక, కింద సెట్‌టాప్ బాక్స్ సెగతో ఇంకో పది డిగ్రీలు తేలిగ్గా కలుస్తుంది. వేడి జబ్బు ఉన్న బాక్స్ వాడకం మొదలైన గంటకో గంటన్నరకో పోతుంది. ఆర్పి మళ్ళీ వేస్తే ఇరవై నిమిషాలకే పోతుంది, ఎందుకంటే ఒళ్ళు చల్లారలేదు. ఒక్కోసారి పవర్ లైటు వెలుగుతూనే వైఫై లైటు మాత్రం ఆరిపోతుంది. మోటార్ వేశారా, లిఫ్ట్ కదిలిందా అన్నదానితో దానికి పనిలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అసలు గొడవ చేయదు.

అడాప్టర్ తీరు దీనికి తిరగబడి ఉంటుంది. లోపల కెపాసిటర్లు అని చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపుల మధ్య ఖాళీల్లో బాక్స్‌కు కరెంటు తగ్గకుండా నిలవ ఉంచి ఇచ్చేవి అవే. వాటిలో ద్రవం ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోతుంది. ఎండినకొద్దీ నిలవ తగ్గుతుంది. పగలు 230 వోల్టులు వస్తున్నంతసేపు ఆ తక్కువ నిలవతోనే నెట్టుకొస్తుంది. సాయంత్రం అందరి ఏసీలూ నడుస్తుంటే లైను 190కి పడిందనుకోండి. కెపాసిటర్‌లో నిలవ వోల్టేజీ వర్గానికి అనులోమం, మీ పిల్లలకు చెప్పే పాఠమే. 190 వర్గం, 230 వర్గంలో మూడింట రెండు వంతులు. అంటే మామూలుగానే తగ్గిపోయిన నిలవలోంచి ఇంకో మూడో వంతు పోయింది. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ సంపు మోటార్ వేస్తాడు. పెద్ద మోటార్లు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతాయి, ఇంట్లో బల్బు ఒకసారి మినుక్కుమంటుంది. మంచి అడాప్టర్ ఆ మినుకును మింగేస్తుంది. ఎండినది మింగలేదు, బాక్స్ ఆరిపోతుంది. పైగా సాయంత్రం పది ఫోన్లూ టీవీలూ కలిసి ఉంటాయి కాబట్టి బాక్స్ కూడా అప్పుడే ఎక్కువ కరెంటు అడుగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట తెల్లవారుజామున పది నిమిషాల పాటు లైట్లు వెలిగి ఆరడం. అది వేడి పని కాదు. అప్పుడు బాక్స్ చల్లగా ఉంది. ఎండిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడే మరీ మొండికేస్తుంది, కాస్త వేడెక్కాక పని మొదలుపెడుతుంది. చల్లని బండి పొద్దున స్టార్ట్ కానట్టు. వేడి జబ్బయితే నడిచి నడిచి పోతుంది, అడాప్టర్ జబ్బయితే మొదలవడానికే ఏడుస్తుంది. ఆ ఒక్క గుర్తును బట్టి నా మొగ్గు అడాప్టర్ వైపే, కానీ తీర్పు నోటుబుక్కే ఇవ్వాలి.

పోయిన వేసవిలో చైతన్యపురిలో మా చెల్లెలి ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది. పవర్ సప్లైలు బాగుచేసే పనిలో నా సగం జీవితం గడిచింది కాబట్టి, మీటర్ పట్టుకుని ధీమాగా వెళ్ళాను. అడాప్టర్ పిన్ను బాక్స్ నుంచి పీకి మీటర్ పెట్టాను. 12.2 వోల్టులు, లేబుల్ మీద 12 అని ఉంది. "అడాప్టర్ బాగానే ఉంది" అని గొప్పగా చెప్పి బాక్స్‌ను బయటికి తీసి స్టూలు మీద పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టించి వచ్చాను. మూడు రోజులైనా పోతూనే ఉంది. మా చెల్లెలు రాసిన కాగితంలో 7.05, 7.20, 7.10 అని ఉంది, ఎదురుగా మూడుసార్లూ "మోటార్". అప్పుడు కానీ నాకు సిగ్గు రాలేదు. బరువు మోయకుండా నిలబెట్టి చూస్తే ఎండిన అడాప్టరైనా 12 చూపిస్తుంది. బాక్స్ కరెంటు లాగుతుండగా చూడాలి. అప్పుడైనా చేతి మీటర్ నెమ్మది మనిషి. సెకనులో పదో వంతు సేపు పడిపోయే వోల్టేజీని అది చూపించదు. కాబట్టి మీ ఇంట్లో మీటర్ ఉన్నా దాని మాటకు తలూపకండి. అడాప్టర్‌ను తేల్చడానికి నమ్మకమైన దారి ఇంకొకటి పెట్టి చూడటమే. మా చెల్లెలికి కొత్త అడాప్టర్ పెట్టాక ఆరడం ఆగింది. మొహాలు బిగుసుకోవడం ఇంకా మిగిలింది. చూస్తే చానల్ Autoలో 3 మీద, 40 వెడల్పుతో కూర్చుంది. 11కి, 20కి మార్చాక అదీ సద్దుమణిగింది.

మీరు చేయాల్సిన వరుస ఇది, ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది గట్టి షరతు. రెండూ కలిపి మారిస్తే బాగవుతుంది కానీ ఏది దొంగో తెలియదు. మొదటి మూడు సాయంత్రాలు ఏమీ మార్చకుండా నోటుబుక్ రాయించండి. తర్వాత మూడు సాయంత్రాలు బాక్స్‌ను మాత్రం అద్దం బయటికి తీసి టీవీ యూనిట్ పైన పెట్టండి. ఫైబర్ వైరును గట్టిగా మడవకండి, మడిస్తే LOS అని ఎర్ర లైటు మొదలై కొత్త జబ్బు తగులుకుంటుంది. అడాప్టర్ ఎక్కడున్నది అక్కడే ఉండనివ్వండి. ఆరడం ఆగిపోతే అబ్బాయి గెలిచాడు, పైసా ఖర్చు లేకుండా. ఆగకపోతే అడాప్టర్ మార్చండి.

బాక్స్ కంపెనీదే కాబట్టి ముందు వాళ్ళనే అడగండి, చాలామంది ఊరికే ఇస్తారు. ఆలస్యం చేస్తే సికింద్రాబాద్ సీటీసీలోనో కోఠి గుజరాతీ గల్లీలోనో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్ళండి. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, 12 అంటే 12. ఆంపియర్లు లేబుల్ మీద ఉన్నంత గానీ ఎక్కువ గానీ ఉండాలి. 1.5 ఉన్నచోట 2 పెట్టొచ్చు, బాక్స్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. 1 పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. పిన్ను లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లా 2.5నా అన్నది కూడా చూపించి తీసుకోండి, చూడటానికి ఒకటిలాగే ఉంటాయి, వదులైతే తగిలీ తగలకుండా ఆరుతుంది. పాతదాన్ని విప్పి చూద్దామని అబ్బాయి ఉత్సాహపడితే వద్దనండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు అలాగే ఉండవచ్చు.

ఇవేవీ ఓపిక లేదు, కొనేస్తానంటారా, మూడు దారులున్నాయి. వేరే కొత్త రౌటర్ కొనొచ్చు. 5 గిగాహెర్ట్జ్ ఉన్నది తీసుకుని మీ గది దగ్గర పెడితే గాలి రద్దీ తగ్గుతుంది, కానీ ఫైబర్ వచ్చేది పాత బాక్స్‌లోకే, పాత అడాప్టర్ మీదే. అది ఆరితే కొత్త రౌటర్ ఇంటర్నెట్ లేకుండా వెలుగుతూ కూర్చుంటుంది. రౌటర్లకు పెట్టే మినీ యూపీఎస్ కొనొచ్చు. మోటార్ మినుకును బ్యాటరీ మింగేస్తుంది కాబట్టి ఆరడం ఆగవచ్చు, కరెంటు పోయినా క్లాసు సాగుతుంది, మీకు అది నిజంగా పనికొచ్చేదే. అయితే చాలావాటికి కరెంటు ఇచ్చేది ఆ పాత అడాప్టరే, జబ్బు కనబడకుండా పోతుంది గానీ నయం కాదు. పైగా అద్దం వెనక ఇంకో వేడి వస్తువు చేరుతుంది. మూడోది, కంపెనీ చేత బాక్స్ మొత్తం మార్పించడం. కొత్త అడాప్టర్ కూడా వస్తుంది కాబట్టి ఆరడం ఆగుతుంది, ఏడింటి గాలి మాత్రం పాతదే.

వేడి దోషి కాదని తేలినా బాక్స్‌ను మళ్ళీ అద్దం వెనకకు పంపకండి, అడాప్టర్‌ను కూడా బయటి ప్లగ్గుకే పెట్టండి. కెపాసిటర్ చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. నాలుగేళ్ళు బతకాల్సింది అక్కడ రెండేళ్ళకే పోతుంది.

నెట్ అబ్బాయిని ఇకనుంచి పదకొండుకు రానివ్వకండి. "7.30కి రా బాబూ, టీ ఇస్తాను" అనండి. రాగానే "నెట్ పోతోంది" అనకుండా, నోటుబుక్ తెరిచి "నాలుగుసార్లు లైట్లన్నీ ఆరాయి, మూడుసార్లు మోటార్ వేసినప్పుడే, అడాప్టర్ మార్చు" అనండి. లేదా "లైట్లు ఆరలేదు, 192.168.1.1 మూడులోనే ఉంది, 8.8.8.8 ఆగిపోతోంది, మీ లైను చూసుకో" అనండి. ఇలా అడిగిన ఇంట్లో ప్లాన్ పెంచుకోండి అనడం కష్టం.

పాత అడాప్టర్ మారిస్తే దాన్ని మాత్రం సొరుగులో దాచకండి. మన ఇళ్ళలో పాత చార్జర్ల సొరుగు ఒకటి ఉంటుంది కదా. వచ్చే ఏడాది ఎవరికో 12 వోల్టుల అడాప్టర్ అవసరమవుతుంది, మీ అబ్బాయే అది తీసి "బాగానే ఉందిగా, 12 చూపిస్తోంది" అంటాడు. ప్లగ్గు నుంచి పీకేశాక వైరు కత్తిరించి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి.